ఆరు లక్షల ఫాలోయర్లకు చెక్కు రాసే ముందు: మన చేనేత సంఘం పాలకవర్గానికి బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి, పాలకవర్గ సభ్యులందరికీ నమస్కారం.

మీలో సగం మంది నాకు బాబాయిలు, పెదనాన్నలు అవుతారు. ఇంటికొచ్చి కూర్చుని చెప్పుకోదగ్గ విషయమే ఇది. అయినా అందరూ చదివేలా రాస్తున్నాను. ఎందుకంటే మన దగ్గరికి ఫైలు పట్టుకుని వచ్చిన ఏజెన్సీ వాళ్ళే చుట్టుపక్కల మరో రెండు సంఘాలకు కూడా వెళ్ళారని తెలిసింది. అక్కడివాళ్ళకూ ఈ లెక్కలు పనికొస్తాయి.

పోయిన నెల సమావేశంలో మీరొక తీర్మానం చేశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో 6 లక్షల 10 వేల మంది ఫాలోయర్లున్న ఒక పేజీ వాళ్ళతో మన మంగళగిరి చీరల మీద మూడు రీల్స్ చేయించాలి, దానికి 2,40,000 రూపాయలు ఇవ్వాలి, అందులో సగం అడ్వాన్సు. వచ్చే వారం చెక్కు ఇస్తారని విన్నాను. ఆ చెక్కు మీద సంతకం పెట్టే ముందు ఈ ఉత్తరం ఒక్కసారి చదవమని అడుగుతున్నాను. ప్రచారం వద్దని నేను అనను. నాలుగేళ్ళుగా మన సంఘం చీరలే తీసుకెళ్ళి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నదాన్ని, ప్రచారం లేకపోతే చీర బీరువాలోనే ఉండిపోతుందని నాకు బాగా తెలుసు. డబ్బు ఎవరికి ఇస్తున్నాం, ఏం చూసి ఇస్తున్నాం అన్నదే నా బాధ.

ముందు ఆ డబ్బు ఎంతో మన లెక్కలో చూద్దాం. 1,600 రూపాయలకు అమ్మే కాటన్ చీర మీద నూలు, రంగు, మజూరీ, ప్యాకింగ్, కొరియర్ అన్నీ పోగా సంఘానికి మిగిలేది దాదాపు 200. అంటే 2,40,000 తిరిగి రావాలంటే ఆ మూడు రీల్స్ వల్ల 1,200 చీరలు అదనంగా అమ్ముడుపోవాలి. ఒక గుంట మగ్గం మీద నెలకు పదిహేను చీరలు దిగుతాయనుకుంటే, అది ఎనభై మగ్గాల నెల పని. అప్పటికీ లాభం సున్నా. పెట్టింది వెనక్కి వస్తుంది, అంతే. సమావేశంలో ఈ లెక్క ఎవరైనా వేశారా అని మా మామయ్య గారిని అడిగాను. ‘ఆరు లక్షల మంది చూస్తారమ్మా, వందకు ఒకళ్ళు కొన్నా ఆరు వేల చీరలు కదా’ అన్నారు. ఏజెన్సీ కుర్రాడు చెప్పిన మాట అదేనట.

ఆ మాటలో రెండు తప్పులున్నాయి. ఫాలోయర్లు ఆరు లక్షలున్నారంటే ఆరు లక్షల మంది చూస్తారని కాదు. చూసినవాళ్ళంతా చీర కొనే మనుషులు కావాలనీ లేదు. ఈ రెండో తప్పుకు నేను స్వయంగా 35,000 కట్టాను, అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

రెండేళ్ళ క్రితం దసరాకు ముందు, 3 లక్షల 80 వేల ఫాలోయర్లున్న ఒక అమ్మాయి పేజీకి డబ్బిచ్చి మన నిజాం అంచు చీర కట్టించి రీల్ చేయించాను. రీల్ చక్కగా వచ్చింది. 2 లక్షల 10 వేల వ్యూస్, 9 వేల లైకులు. ఆ రోజు రాత్రి ఫోన్ చేతిలో పట్టుకుని, ఆర్డర్లు వస్తే ప్యాకింగ్‌కు కవర్లు సరిపోతాయో లేదోనని టెన్షన్ పడ్డాను. పదిహేను రోజుల్లో ఆవిడ కోడ్ చెప్పి కొన్నవాళ్ళు నలుగురు. నలుగురే. అంటే ఒక్కో చీర అమ్మడానికి నాకైన ఖర్చు 8,750.

అప్పుడు తీరిగ్గా కామెంట్లు చదివాను. ‘సూపర్’, ‘బ్యూటిఫుల్’, హృదయం బొమ్మలు, నిప్పు బొమ్మలు. చీర రేటెంత, రంగు పోతుందా అని అడిగినవాళ్ళు ఐదారుగురికి మించి లేరు. రాసినవాళ్ళ పేర్లన్నీ దాదాపు మగవాళ్ళవి. బతిమాలితే ఆ అమ్మాయి తన ఇన్‌సైట్స్ పేజీ పంపింది, అంటే చూసేవాళ్ళెవరో పేజీ నడిపేవాళ్ళకు ఇన్‌స్టాగ్రామ్ చూపించే లెక్కలు. ఫాలోయర్లలో 81 శాతం మగవాళ్ళు. వాళ్ళెవరూ నకిలీ కాదు. నిజమైన మనుషులే, నిజంగానే చూశారు, నిజంగానే లైక్ కొట్టారు. కాకపోతే వాళ్ళు చూసింది అమ్మాయిని, నేను అమ్మబోయింది చీరను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, నన్ను మోసం చేయలేదు. డబ్బిచ్చే ముందు ఆ ఒక్క స్క్రీన్ అడగకపోవడం నా తప్పు. ఏ నకిలీ ఫాలోయర్ల టూల్‌తో చూసినా ఆ పేజీకి మంచి మార్కులే వచ్చేవి. అందుకే పెద్దలకు నా మొదటి మనవి: ‘ఫాలోయర్లు నకిలీవా’ అని అడిగే ముందు, ‘వీళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది, ఏ ఊళ్ళవాళ్ళు, ఏ వయసువాళ్ళు’ అని అడగండి. మనకు కావలసింది హైదరాబాద్, విజయవాడ, విశాఖ, గుంటూరు, బెంగళూరు లాంటి ఊళ్ళలో ఉన్న, ముప్పై దాటిన, కాటన్ చీర రోజూ కట్టుకునే మనిషి.

ఇక మీరు ఖాయం చేసిన పేజీ సంగతి. పేరు ఇక్కడ రాయను, అది మర్యాద కాదు. నేను కోర్టును కాదు, నా దగ్గరున్నవి అనుమానాలే, రుజువులు కావు. రెండు రోజులు రాత్రి వంట పనయ్యాక కూర్చుని ఆ పేజీ చూశాను. నోట్‌బుక్, పెన్ను, ఫోన్ తప్ప ఇంకేమీ వాడలేదు. ఏం చేశానో వరుసగా చెబుతాను, మీరూ మళ్ళీ చేసి చూడవచ్చు.

పైన పిన్ చేసి పెట్టిన మూడు రీల్స్ వదిలేశాను. అవి ఎప్పుడూ బాగా ఆడినవే ఉంటాయి, షోరూమ్ అద్దంలో పెట్టిన చీరల్లాగా. వాటి కింద వరుసగా 20 రీల్స్ తీసుకుని ఒక్కోదానికి వ్యూస్, లైకులు, కామెంట్లు రాసుకున్నాను. సగటు తీయలేదు. ఒక్క రీల్ వైరల్ అయితే సగటు ఆకాశానికి పోతుంది, దాన్ని చూసి మిగతా పందొమ్మిదీ అంతే అనుకుంటాం. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పేర్చి మధ్యలో పడినదాన్ని చూశాను. మామూలు రోజున ఆ పేజీ రీల్‌ను ఎంతమంది చూస్తారో ఆ అంకె చెబుతుంది. వచ్చింది 11 వేలు. ఆరు లక్షల ఫాలోయర్ల పేజీలో మామూలు రీల్‌కు 11 వేల వ్యూస్.

ఇందులో కొంతవరకు ఇన్‌స్టాగ్రామ్ తీరే కారణం. రీల్స్ ఇప్పుడు ఫాలోయర్లకంటే ఫాలో కానివాళ్ళకే ఎక్కువగా చూపిస్తున్నారు. పెద్ద పేజీలకు వ్యూస్ తక్కువ రావడం మామూలే. కాబట్టి ఇంతమాత్రాన మోసమని అనలేం. కానీ ఫాలోయర్ల అంకె చూసి ధర కట్టడం తప్పని చెప్పడానికి ఇది చాలు. మనం కొంటున్నది ఆరు లక్షల మందిని కాదు, 11 వేల వ్యూస్‌ను. మూడు రీల్స్‌కు 33 వేల వ్యూస్ అనుకుంటే, చూసినవాళ్ళలో ప్రతి వందమందికి దాదాపు నలుగురు కొంటే తప్ప 1,200 చీరలు పోవు. నా నాలుగేళ్ళ అనుభవంలో అలా ఏ పేజీకీ జరగలేదు.

నన్ను కలవరపెట్టినవి లైకులు. 20 రీల్స్‌లో 17 రీల్స్‌కు లైకులు 4,100కూ 4,400కూ మధ్యనే ఉన్నాయి. వంట రీల్‌కూ అంతే, గుడి రీల్‌కూ అంతే, డబ్బు తీసుకుని చేసిన సబ్బు రీల్‌కూ అంతే. నిజమైన జనం ఇలా ప్రవర్తించరు. ఒకటి నచ్చి 9 వేల మంది లైక్ కొడతారు, ఇంకొకటి నచ్చక 700 మంది కొడతారు. మన చీరలు నెలనెలా ఎన్ని పోతాయో చూసుకోండి, శ్రావణంలో ఒక లెక్క, ఆషాఢంలో ఒక లెక్క. పన్నెండు నెలలూ కచ్చితంగా ఒకే అంకె రాసి ఉంటే మన ఆడిటర్ గారు ఊరుకుంటారా? లైకులు కొనుక్కునే పద్ధతి ఒకటుంది. నెలకింత అని కడితే పేజీలో ఏం పెట్టినా కొద్ది నిమిషాల్లో అనుకున్నన్ని లైకులు వచ్చి పడతాయి. లైకులు ఇలా అన్నిటికీ సమానంగా కనబడితే ఆ అనుమానం రావాలి. ఒక రీల్‌కు 9 వేల వ్యూస్, 4,200 లైకులు. అంటే చూసినవాళ్ళలో దాదాపు సగం మంది ఆగి లైక్ కొట్టారన్నమాట. నేను చూసిన ఏ పేజీలోనూ మామూలు రీల్‌కు అలా రాలేదు.

తర్వాత కామెంట్లు. నాలుగు రీల్స్ నుంచి 50 చొప్పున 200 కామెంట్లు చదివి గీతలు గీసుకున్నాను. ఒక్క మాట, లేదా బొమ్మ మాత్రమే ఉన్నవి 163. వేరే ఇన్‌ఫ్లుయెన్సర్లు రాసినవి 22. ఆ 22 కామెంట్లూ 14 మందే రాసినవి. పేజీ వాళ్ళు తిరిగి రాసిన జవాబులు 9. చూపించిన వస్తువు గురించి నిజంగా ఏదైనా అడిగినవి, చెప్పినవి 6. ఆ పద్నాలుగు మంది పేజీలకు వెళ్ళి చూస్తే, అక్కడ మీరు ఖాయం చేసిన ఈ పేజీ వాళ్ళ కామెంట్లు కనిపించాయి. దీన్ని పాడ్ అంటారు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక గ్రూపు పెట్టుకుని, ఎవరు రీల్ పెట్టినా మిగతావాళ్ళు వెంటనే వెళ్ళి లైకు, కామెంటు పెడతారు. వాళ్ళు మనుషులే. కానీ ఒకరి కొట్టు ముందు ఒకరు నిలబడి రద్దీ చూపిస్తున్న కొట్లవాళ్ళు. బేరానికి వచ్చినవాళ్ళు కారు.

ఫాలోయర్ల జాబితా కూడా తెరిచాను. ఇక్కడ మాత్రం జాగ్రత్త. జాబితాలో పైన మనకు తెలిసినవాళ్ళు, మనం ఫాలో అయ్యేవాళ్ళు వస్తారు, కాబట్టి చాలా కిందికి లాగాలి. అలా లాగి 100 పేర్లు తెరిస్తే 41 అకౌంట్లకు ఫోటో లేదు, పోస్టులు లేవు. ఇంతటితో ‘దొరికింది’ అనుకోకండి. మా అత్తయ్య అకౌంట్ చూస్తే ఎవరైనా నకిలీ అనే అంటారు. వెంకటేశ్వరస్వామి ఫోటో, ఒక్క పోస్టు లేదు, అకౌంట్ ప్రైవేట్, పేరు చివర నాలుగు అంకెలు. ఆవిడ ఆన్‌లైన్‌లో నెలకు రెండు చీరలు కొంటారు. మన అసలు ఖాతాదారులు చాలామంది ఇలాగే ఉంటారు. అందుకని ఫోటో లేకపోవడం చూసి కాదు, వాళ్ళు ఎంతమందిని ఫాలో అవుతున్నారో చూసి అంచనా కట్టాలి. అత్తయ్య 140 పేజీలను ఫాలో అవుతారు. ఈ 41లో 29 అకౌంట్లు మూడు వేలు, నాలుగు వేలు, ఏడు వేల పేజీలను ఫాలో అవుతున్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో 7,500 దాటి ఎవరినీ ఫాలో కానివ్వరు, కొన్ని ఆ గీత దగ్గరకు చేరి ఆగిపోయాయి. వాటిని ఫాలో అవుతున్నవాళ్ళు మాత్రం పదిహేనో ఇరవయ్యో. చీరలు చూసుకునే మనిషికి ఏడు వేల పేజీలతో ఏం పని?

నకిలీ ఫాలోయర్లను లెక్కగట్టే వెబ్‌సైట్లు ఉన్నాయి కదా, ఇంత కష్టం ఎందుకని మా తమ్ముడు అడిగాడు. రెండింటిలో పెట్టి చూశాను. ఒకటి 22 శాతం అంది, ఇంకొకటి 47 శాతం అంది. అవి కొన్ని అకౌంట్లను తీసి అంచనా కడతాయి, ఒక్కోదాని పద్ధతి ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆ శాతాన్ని చూసి నేను ఎవరినీ ఒప్పుకోను, వద్దనను. అలాంటి సైట్లలో నాకు పనికొచ్చేది రోజువారీ ఫాలోయర్ల గ్రాఫ్. సోషల్ బ్లేడ్ లాంటి చోట చూడవచ్చు. ఈ పేజీకి మార్చిలో మూడు రోజుల్లో 48 వేల మంది పెరిగారు. ఆ తర్వాత రోజుకు కొన్ని వందలు తగ్గుతూ వచ్చారు. ఏదైనా రీల్ వైరల్ అయితే ఇలా పెరగడం సహజమే, గివ్‌అవే పెట్టినా పెరుగుతారు. అందుకని ఆ తేదీల్లో ఏం పెట్టారో వెనక్కి వెళ్ళి చూశాను. రెండు మామూలు రీల్స్, ఒక్కోదానికి 10 వేల లోపు వ్యూస్. పది వేల మంది చూసిన చోట 48 వేల మంది ఎలా చేరతారు? దీనికి జవాబు ఆ పేజీ వాళ్ళే చెప్పాలి. చెప్పే అవకాశం వాళ్ళకు మనం ఇవ్వాలి కూడా.

ఇంకొక్క చోటు ఉంది, అర నిమిషం పని. పేజీలో పైన మూడు చుక్కలు నొక్కితే `About this account` అని వస్తుంది. అకౌంట్ ఎప్పుడు తెరిచారు, ఏ దేశం నుంచి నడుస్తోంది, ఇదివరకు పేరు ఎన్నిసార్లు మార్చారు అన్నవి అందులో ఉంటాయి. పేరు ఒకటి రెండుసార్లు మార్చడం పెద్ద విషయం కాదు, పెళ్ళయ్యాక మార్చుకుంటారు, స్పెల్లింగ్ మార్చుకుంటారు. ఈ పేజీ నాలుగుసార్లు మార్చింది. మొదటి రెండేళ్ళ పోస్టులు ఒక్కటీ లేవు. పాత క్రికెట్ పేజీనో మీమ్స్ పేజీనో ఫాలోయర్లతో సహా కొనుక్కుని పేరు మార్చుకునేవాళ్ళు ఉన్నారు. అలాంటి పేజీలో ఫాలోయర్లు నిజమైనవాళ్ళే అయినా వాళ్ళు వచ్చింది క్రికెట్ కోసం. చీర రీల్ వాళ్ళ కంట పడినా వేలితో పైకి తోసేస్తారు.

ఇదంతా నా అతి అనుమానం అనుకుంటారేమో. ఫాలోయర్లు అమ్మడం చాలాకాలంగా నడుస్తున్న వ్యాపారం. 2020లో ముంబై పోలీసులు నకిలీ ఫాలోయర్లను అమ్మే ముఠా మీద కేసు పెట్టి దర్యాప్తు చేశారు. తెలివైన అమ్మకందారులు ఇప్పుడు ఫాలోయర్లను ఒక్కసారిగా కుమ్మరించరు, రోజుకింత చొప్పున నెమ్మదిగా కలుపుతారు, గ్రాఫ్‌లో మెట్టు కనబడదు. తెలుగులో కామెంట్లు కూడా డబ్బుకు రాయిస్తారు. కాబట్టి పైన చెప్పిన పరీక్షలన్నీ గట్టెక్కినంత మాత్రాన పేజీ మంచిదని చెప్పలేం. బయటి నుంచి చూసేవాళ్ళకు కనబడేది ఇంతే. లోపలి అంకెలు పేజీ నడిపేవాళ్ళ ఫోన్‌లో ఉంటాయి, అవి అడగాలి.

ఏజెన్సీ ఇచ్చిన ఫైలులో ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ ఒకటుంది. అందులో 74 శాతం ఆడవాళ్ళు అని ఉంది. మీరు ఒప్పుకోవడానికి అదొక కారణమని విన్నాను. స్క్రీన్‌షాట్‌లో అంకె మార్చడం ఐదు నిమిషాల పని. పైగా దాని మీద తేదీ లేదు. దాని బదులు వీడియో కాల్‌లో ఫోన్ చూపించమని అడగండి. లేదంటే ఆ పేజీ ప్రొఫైల్ నుంచి మొదలుపెట్టి ఇన్‌సైట్స్‌లోకి వెళ్ళి, గత 30 రోజుల లెక్కలు తెరిచేదాకా మధ్యలో ఆపకుండా స్క్రీన్ రికార్డింగ్ పంపమనండి. నిజంగా పని చేసే ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఇది రెండు నిమిషాల పని, వాళ్ళెవరూ ఏమీ అనుకోరు. నేను అడిగినవాళ్ళలో చాలామంది ఆ రోజే పంపారు. పంపనివాళ్ళు ఎక్కువగా ‘మా పాలసీ ఒప్పుకోదండీ’ అన్నారు.

ఆ రికార్డింగ్‌లో మూడే చూడండి. ఫాలోయర్లలో ఆడవాళ్ళ శాతం, వాళ్ళ ఊళ్ళు, వయసులు ఒకటి. ఈమధ్య డబ్బు తీసుకుని చేసిన మూడు రీల్స్ ఎంతమందికి చేరాయి, అందులో యాడ్‌గా డబ్బు పెట్టి తోసినది ఎంత అన్నది రెండు. కొందరు మన దగ్గర 50 వేలు తీసుకుని, అందులో రెండు వేలు పెట్టి రీల్‌ను బూస్ట్ చేసి వ్యూస్ చూపిస్తారు. ఆ పని మనమే చేసుకోవచ్చు కదా. మూడోది ఆ రీల్స్‌కు వచ్చిన షేర్లు, సేవ్‌లు. లైకుకంటే నేను వీటికే ఎక్కువ విలువ ఇస్తాను. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి కూడా 2025 జనవరిలో చెప్పారు: రీల్‌ను ఎంతమందికి చూపించాలో తేల్చే ముఖ్యమైన వాటిలో ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ చేశారు అన్నవాటితోపాటు ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నది కూడా ఉందని. మన చీరలకైతే ఈ పంపడమే అసలు బేరం. ఒక ఆవిడ రీల్ చూసి చెల్లెలికి పంపుతుంది, ‘ఇది చూడు, గృహప్రవేశానికి ఇద్దరం తీసుకుందామా’ అని. చెల్లెలు ఇంకో రంగు ఉందేమో అడగమంటుంది. అప్పుడు మనకు మెసేజ్ వస్తుంది. ఒక చీర ఇలా పోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇప్పుడు ఒక చిన్న పేజీ సంగతి చెబుతాను. గుంటూరు వైపు ఒక టీచర్ గారు, 14 వేల ఫాలోయర్లు. రోజూ స్కూలుకు కట్టుకెళ్ళే కాటన్ చీరలే చూపిస్తారు. గంజి ఎంత పెట్టాలి, మొదటి ఉతుకు ఉప్పు నీళ్ళలో ఎలా నానబెట్టాలి, ఏ చీర పది గంటలు కట్టుకున్నా నలగదు, ఇవే ఆవిడ మాటలు. 4,000 రూపాయలు, 1,250 ఖరీదు పడే చీర ఒకటి ఇచ్చాను. మొత్తం 5,250. రీల్‌కు 11 వేల వ్యూస్, 340 లైకులు, 61 కామెంట్లు. ఆ 61లో 38 మంది అడిగినవి రేటెంత, రంగు దిగుతుందా, ఇదే అంచు నీలంలో ఉందా, బ్లౌజు గుడ్డ ఎంత వస్తుంది అని. పదిహేను రోజుల్లో 29 చీరలు పోయాయి, రెండు వెనక్కి వచ్చాయి. నికరంగా 27. చీరకు నాకు మిగిలే 220 చొప్పున 5,940. ఖర్చు పోగా లాభం 690 రూపాయలే. గొప్ప లాభమేమీ కాదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. కానీ ఆ కొన్నవాళ్ళలో తొమ్మిది మంది ఆరు నెలల్లోపు ఏ రీల్ లేకుండానే మళ్ళీ కొన్నారు. పెద్ద పేజీ వల్ల వచ్చిన నలుగురిలో ఒక్కరు కూడా మళ్ళీ రాలేదు. ఆరు లక్షల పేజీలో మామూలు రీల్‌కూ 11 వేల వ్యూసే, ఈ టీచర్ గారి రీల్‌కూ 11 వేల వ్యూసే అన్నది దయచేసి గమనించండి. మీ తీర్మానం ప్రకారం అక్కడ ఒక రీల్ ధర 80 వేలు.

చిన్న పేజీలన్నీ ఇలా ఉంటాయని కూడా అనను. పోయిన ఏడాది ఇలాంటివి ఆరు పేజీలు ప్రయత్నిస్తే రెండు బాగా నడిచాయి, రెండు పెట్టినంత తెచ్చాయి, రెండు పూర్తిగా పోయాయి. పోయినవాటిలో ఒక్కోదానికి నేను నష్టపోయింది ఐదు వేలు. అంత నష్టం తట్టుకోవచ్చు. ఒకే పేజీ మీద 2,40,000 పెట్టి అది పోతే, దీపావళి బోనస్‌కు మగ్గం వాళ్ళ ముఖాలు ఎలా చూస్తాం?

అందుకే నేను అడిగేది ఇది. ఈ సొమ్ములో 50 వేలు మాత్రం తీసి, కాటన్ చీరలు కట్టుకునే ఆడవాళ్ళే చూసే ఎనిమిది చిన్న పేజీలకు, ఒక్కోదానికి ఒక్కో రీల్ చొప్పున ఇవ్వండి. ఏ పేజీ వల్ల ఎన్ని చీరలు పోయాయో తెలియాలంటే ఒక్కో పేజీకి ఒక్కో కోడ్, ఒక్కో వాట్సాప్ లింకు ఉండాలి. మన సంఘం అమ్మకాలు వాట్సాప్‌లోనే కాబట్టి ఇది తేలిక. లింకు ఇలా ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=PAGE3
```

ఆ X లు ఉన్న చోట మన సంఘం నంబరు. లింకు నొక్కగానే మెసేజ్ పెట్టెలో `PAGE3` అని ముందే రాసి ఉంటుంది, పంపితే చాలు, మూడో పేజీ నుంచి వచ్చారని మనకు తెలుస్తుంది. కొందరు లింకు నొక్కరు, నంబరు చూసి నేరుగా ఫోన్ చేస్తారు. అందుకని ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్ళు ‘ఎక్కడ చూశారమ్మా?’ అని అడిగి పుస్తకంలో రాయాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే లెక్క అంతా పాడవుతుంది. పోయిన నెల అదే పదిహేను రోజుల్లో మామూలుగా ఎన్ని అమ్మామో పక్కన రాసుకోవాలి, లేకపోతే పండగ వల్ల పెరిగిన బేరాన్ని రీల్ ఖాతాలో వేస్తాం. వెనక్కి వచ్చిన చీరలు తీసేసి లెక్క కట్టాలి, ముఖ్యంగా క్యాష్ ఆన్ డెలివరీవి. నెల తర్వాత మిగిలిన డబ్బు ఏ పేజీలకు పెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది.

ఏ పేజీతో చేసినా అది డబ్బు తీసుకుని చేసిన ప్రచారమని రీల్‌లో స్పష్టంగా రాయించండి. ఊరికే చీర ఇచ్చినా రాయాల్సిందే. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు, అది చెప్పినవాళ్ళ మీదే కాదు, చెప్పించిన మన మీద కూడా. ఏజెన్సీ రాసిచ్చిన స్క్రిప్టులో ‘సహజ రంగులు’ అని ఉంది. మనం వాడేవి సహజ రంగులు కావు. ఆ మాట తీసేయించండి.

ఏజెన్సీ వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఫాలోయర్లను బట్టి ధర అడుగుతున్నాం కాబట్టి వాళ్ళు ఫాలోయర్లను చూపిస్తున్నారు. పైన రాసిన ప్రశ్నలకు, అంటే సమానంగా ఉన్న లైకులకు, మార్చిలో వచ్చిన 48 వేలకు, నాలుగు పేర్లకు వాళ్ళు నమ్మదగ్గ జవాబిచ్చి, వీడియో కాల్‌లో ఇన్‌సైట్స్ చూపిస్తే, నేను అనుమానపడ్డందుకు అందరి ముందూ క్షమాపణ చెబుతాను. అప్పుడు కూడా మూడు రీల్స్ కాకుండా ఒక్క రీల్‌తో మొదలుపెట్టమనే అంటాను.

ఈ ఆదివారం పొద్దున పది గంటలకు సంఘం ఆఫీసులో ఉంటాను. గీతలు గీసిన నోట్‌బుక్ తెస్తాను. మీలో ఎవరైనా ఇద్దరు ఫోన్లు పట్టుకుని కూర్చోండి, ఆ ఇరవై రీల్స్ మళ్ళీ కలిసి లెక్కపెడదాం, గంటన్నర పడుతుంది. నేను తప్పుగా లెక్కపెట్టి ఉంటే అక్కడే తేలిపోతుంది. చెక్కు మీద సంతకం అప్పటిదాకా ఆపండి.

నమస్కారాలతో,
మీ సంఘం సభ్యురాలు